డైరెక్టర్ కార్డు, కంపెనీ ప్రింటర్: రాయగడలో ఒక రీయింబర్స్‌మెంట్ చిక్కు

రాయగడలో ఫ్లెక్స్, డిజిటల్ ప్రింటింగ్ చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఇది. డైరెక్టర్లు ఇద్దరే, భార్యాభర్తలు. ఒడియాలో పెళ్ళి కార్డులు, తెలుగులో దుకాణాల బోర్డులు, మజ్జిగౌరి అమ్మవారి చైత్రోత్సవానికి రెండు భాషల్లోనూ ఫ్లెక్సులు వేస్తారు. జీఎస్టీ రిటర్నులు ఓ కుర్రాడు వేస్తాడు. సంవత్సరాంతం లెక్కలు, ఇన్‌కమ్ టాక్స్ నా దగ్గరకు వస్తాయి.

2024-25కి భర్త సొంత రిటర్ను వేయడానికి, పాన్ మీద పడిన లావాదేవీలు ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు చూపించే పట్టిక ఏఐఎస్ తీసి చూస్తే, క్రెడిట్ కార్డు బిల్లుల కింద కట్టింది 11 లక్షలు దాటి ఉంది. ఆయనకు కంపెనీ నుంచి వచ్చే జీతం నెలకు 30,000, అంటే ఏడాదికి 3,60,000. వేరే ఆదాయం చెప్పుకోదగ్గది లేదు. ఏడాదిలో ఒక మనిషి కట్టిన కార్డు బిల్లులు 10 లక్షలకు చేరితే బ్యాంకు ఆ సంగతి ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకు పంపుతుంది. నగదుగా కడితే లక్షకే పంపుతుంది. అక్కడ కంపెనీ పేరు ఎక్కడా కనిపించదు, కార్డు ఎవరిదో వాళ్ళ పాన్ ఒక్కటే కనిపిస్తుంది. మూడున్నర లక్షల జీతగాడు పదకొండు లక్షలు ఎలా కట్టాడని అడిగితే కాగితం చూపించాలి. చూపించలేకపోతే లెక్కలేని ఖర్చు అంటూ సెక్షన్ 69సీ తెస్తారు, 2024-25కి దాని మీద పన్ను 60 శాతం నుంచి మొదలవుతుంది, సర్‌చార్జి, సెస్సు అదనం.

ఆయన మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "నా కార్డుతో కొన్నాను, కంపెనీ నాకు తిరిగిచ్చింది. ఇందులో గొడవేటండీ?" అన్నాడు. మాట నిజమే. ఇంకు, ఫ్లెక్స్ రోళ్ళు కార్డుతో కొన్న నెలల్లో గొడవ ఏమీ లేదు. బిల్లుకు బిల్లు సరిపోయింది. చిక్కంతా 2024 అక్టోబరు 5న విశాఖపట్నంలో చేసిన కొనుగోలులో ఉంది. అదే ఇక్కడ విప్పుతాను.

ఆ రోజు ఒకే షాపులో రెండు వస్తువులు కొన్నాడు. మొదటిది డిజిటల్ కలర్ ప్రింటర్: ధర 2,40,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 43,200, మొత్తం 2,83,200. రెండోది లామినేషన్ మెషీన్: ధర 38,000, జీఎస్టీ 6,840, మొత్తం 44,840. కంపెనీ ఓవర్‌డ్రాఫ్ట్ అప్పటికి నిండిపోయి ఉంది, సర్కారు ఆఫీసుల నుంచి రావాల్సిన బిల్లులు రాలేదు. దసరా సీజను పోతుందని సొంత కార్డు గీశాడు. ప్రింటర్ మీద ఆ బ్యాంకు కార్డుకు 7,500 ఇన్‌స్టంట్ డిస్కౌంట్ ఉంది కాబట్టి కార్డు మీద పడింది 2,75,700. దాన్ని మూడు నెలల ఈఎంఐగా మార్చుకున్నాడు. లామినేటర్ డబ్బు మామూలు బిల్లులో కలిసింది.

ప్రింటర్‌ను షాపువాళ్ళే ట్రాన్స్‌పోర్టులో రాయగడ పంపారు. 50,000 దాటిన సరుకు కాబట్టి ఈ-వే బిల్లు కావాలి, దానికోసం కంపెనీ జీఎస్టీ నంబరు అడిగి తీసుకున్నారు. అలా ఆ బిల్లు కంపెనీ పేరు మీద, 21తో మొదలయ్యే మన ఒడిశా నంబరుతో, రాష్ట్రం దాటే అమ్మకానికి పడే ఐజీఎస్టీ వేసి సరిగ్గా వచ్చింది. లామినేటర్ చిన్నది, కారు డిక్కీలో వేసుకుని వచ్చేశాడు. దానికి నంబరు ఎవరూ అడగలేదు, ఈయనా చెప్పలేదు. బిల్లు ఆయన సొంత పేరు మీద, ఆంధ్రా లోపలి అమ్మకంగా సీజీఎస్టీ 3,420, ఎస్‌జీఎస్టీ 3,420 వేసి ఇచ్చారు.

ఒకే షాపు, ఒకే కార్డు, ఒకే గంట. ప్రింటర్ మీద కట్టిన 43,200 ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా కంపెనీకి వచ్చింది. అంటే కంపెనీ కట్టాల్సిన జీఎస్టీలో ఆ మేరకు తగ్గుతుంది. లామినేటర్ మీద కట్టిన 6,840 పోయింది. డబ్బు ఎవరి కార్డు నుంచి వెళ్ళిందన్నది జీఎస్టీకి అడ్డం కాదు. బిల్లు ఎవరి పేరున, ఏ నంబరున ఉందన్నదే చూస్తారు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇంకో మెలిక కూడా ఉంది. కొనడానికి విశాఖో, విజయనగరమో, పార్వతీపురమో పోతాం. షాపువాడు మన నంబరు వేసి కూడా అలవాటుగా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కొట్టేస్తే ఆ క్రెడిట్ ఒడిశా కంపెనీకి పనికిరాదు. సప్లయర్లు మన నంబరుకు వేసిన బిల్లులు చూపించే జీఎస్‌టీఆర్-2బీలో ఆ బిల్లు కనబడుతుంది గానీ, క్రెడిట్ అందుబాటులో లేని వరసలో కనబడుతుంది. అందుకని సరుకు ఒడిశాకు వెళుతోందని ముందే చెప్పి, ఐజీఎస్టీ బిల్లే అడగాలి.

లామినేటర్ బిల్లు మార్చమని షాపుకు ఫోన్ చేయించాను. క్రెడిట్ నోట్ ఇచ్చి మళ్ళీ కంపెనీ పేరున బిల్లు కొట్టడానికి చట్టంలో అప్పటికి గడువు ఉంది, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా. కానీ షాపువాడికి అందులో పని తప్ప లాభం లేదు. అక్టోబరు రిటర్ను ఎప్పుడో అయిపోయిందన్నాడు. 6,840 కోసం అంతకంటే తగువు పడలేదు.

ఇక కంపెనీ పుస్తకాల్లో ఏం జరిగిందో చూడండి. కుర్రాడు 2బీ చూసి ప్రింటర్ బిల్లు ఎక్కించాడు: ప్రింటర్ ఖాతాకు 2,40,000, ఐజీఎస్టీ క్రెడిట్‌కు 43,200, షాపుకు ఇవ్వాల్సింది 2,83,200. అక్కడిదాకా తప్పు లేదు. నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో కార్డు బిల్లులు వచ్చినప్పుడు డైరెక్టరు కంపెనీ కరెంట్ అకౌంట్ నుంచే నేరుగా మొత్తం కట్టేశాడు. మూడింటికీ కలిపి 4,06,000. బ్యాంకు స్టేట్‌మెంటులో కార్డు పేమెంటు అని మాత్రమే ఉంది. అది దేనికో కుర్రాడికి ఎవరూ చెప్పలేదు, అతను ప్రింటింగ్ ఖర్చుల్లో వేసేశాడు.

దానితో ఒకే ప్రింటర్ రెండుసార్లు పుస్తకంలోకి వచ్చింది, ఒకసారి ఆస్తిగా, ఇంకోసారి ఖర్చుగా. ఇంటి కిరాణా, పెట్రోలు, పిల్లాడి ఫీజు కూడా ప్రింటింగ్ ఖర్చు అయిపోయాయి. లామినేటర్ ఆస్తుల్లో లేనే లేదు. ఇలాంటిది పట్టుకోవడానికి నేను మొదట చూసేది సప్లయర్ ఖాతా. కొన్న రోజు పెట్టిన బాకీ ఒక్క రూపాయి కూడా కదలకుండా మార్చి 31 దాకా అలాగే ఉండి, షాపువాడి నుంచి ఒక్క ఫోను కూడా రాలేదంటే, వాడికి డబ్బు ఇంకో దారిలో చేరిపోయిందన్నమాట. ఆ తర్వాత ఖర్చుల ఖాతాలో గుండ్రటి, పెద్ద అంకెలు వెతకాలి. బిల్లు లేని గుండ్రటి అంకె దాదాపు ఎప్పుడూ కార్డు పేమెంటే అవుతుంది.

కదలని బాకీతో జీఎస్టీలో కూడా ప్రమాదం ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కు డబ్బు ఇవ్వకపోతే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. అక్టోబరు 5 నుంచి 180 రోజులు 2025 ఏప్రిల్ 3కు నిండాయి. పుస్తకం ప్రకారం షాపుకు పైసా ఇవ్వలేదు. తనిఖీకి వచ్చిన అధికారి ఖాతా ఒక్కటే చూస్తే 43,200 వెనక్కి కట్టమంటాడు. నిజానికి షాపుకు డబ్బు అక్టోబరు 5నే చేరింది. 180 రోజుల లెక్క సప్లయర్‌కు డబ్బు ముట్టిన రోజుతో ఆగుతుంది, డైరెక్టరుకు కంపెనీ ఎప్పుడు తిరిగిచ్చిందన్నదానితో దానికి సంబంధం లేదు. కాకపోతే అది రుజువు చేసేది కార్డు స్లిప్పు, ఆ నెల కార్డు స్టేట్‌మెంటు, పుస్తకంలో అదే తేదీతో ఒక ఎంట్రీ. మొదటి రెండూ ఆయన దగ్గర ఉన్నాయి. మూడోదే లేదు.

అప్పటికి పుస్తకాలు ముగించలేదు కాబట్టి సరిచేయడానికి వీలైంది. డైరెక్టరు పేరున ఒక కొత్త ఖాతా తెరిచాం, 'డైరెక్టరు రీయింబర్స్‌మెంట్' అని. జీతం ఖాతా వేరు, అప్పు ఖాతా వేరు, ఇది వేరు. అక్టోబరు 5 తేదీతో షాపు బాకీ 2,83,200 కొట్టేసి, అందులో 2,75,700 డైరెక్టరుకు ఇవ్వాల్సిందిగా రాశాం. మిగిలిన 7,500 ప్రింటర్ ధరలోంచి తగ్గించాం.

ఆ 7,500 మీద కాసేపు వాదన నడిచింది. "ఆఫర్ నా కార్డుకు వచ్చింది కదండీ, బిల్లు మీద 2,83,200 ఉంది, అంతా నాకు రావాలి" అన్నాడు. రీయింబర్స్‌మెంట్ అంటే జేబులోంచి పోయింది తిరిగి రావడం. ఆయన జేబులోంచి 2,75,700 దాటి పోలేదు. పైన తీసుకునేది ఏదైనా కంపెనీ ఆయనకు ఇచ్చిన లాభం అవుతుంది. ఇన్‌కమ్ టాక్స్‌లో ఆస్తి అసలు ధర లెక్క కూడా ఇదే, వేరేవాళ్ళు భరించిన భాగాన్ని ధరలోంచి తీసేయమని సెక్షన్ 43(1) చెబుతుంది. కాబట్టి ఏటా అరుగుదల కింద తగ్గించే డిప్రిసియేషన్‌కు ప్రింటర్ విలువ 2,32,500. షాపుకు మాత్రం బ్యాంకు ద్వారా పూర్తి డబ్బు ముట్టింది, పూర్తి విలువ మీదే పన్ను కట్టింది, అందుకే 43,200 క్రెడిట్ తగ్గించలేదు. నెలల తర్వాత జమయ్యే రివార్డు పాయింట్ల జోలికి నేను పోను. ఏ పాయింటు ఏ కొనుగోలుకు వచ్చిందో విడదీయడం అయ్యే పని కాదు.

ప్రింటర్ రాయగడ చేరి పని మొదలుపెట్టింది అక్టోబరు 8న. మార్చి 31కి 180 రోజులు నిండవు కాబట్టి ఆ ఏడాది సగం డిప్రిసియేషనే. కార్డు బిల్లు ఎప్పుడు కట్టారన్నది ఇక్కడ కూడా లెక్కలోకి రాదు.

లామినేటర్‌ను మొత్తం 44,840 విలువతో ఆస్తుల్లోకి తెచ్చాం, క్రెడిట్ రాని పన్ను ధరలోనే కలిసిపోతుంది. బిల్లు ఆయన పేరున ఉంది కాబట్టి, కంపెనీ కోసమే కొన్నానని, మెషీన్ కంపెనీ షాపులోనే ఉందని ఆయన సంతకంతో ఒక కాగితం, దాని మీద రెండో డైరెక్టరైన భార్య ఆమోదం, రాసిన రోజు తేదీతోనే పెట్టించాను. ఇది ఇన్‌కమ్ టాక్స్‌కు అక్కరకొస్తుంది, జీఎస్టీ క్రెడిట్‌ను మాత్రం వెనక్కి తేలేదు.

ఇప్పుడు డైరెక్టరుకు కంపెనీ ఇవ్వాల్సింది 2,75,700, 44,840 కలిపి 3,20,540. ఇచ్చింది 4,06,000. అంటే 85,460 ఎక్కువ వెళ్ళింది. దాన్ని కార్డు స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని వరసగా టిక్కు పెడుతూ విడదీశాం. 77,293 ఇంటి ఖర్చులు. మిగిలిన 8,167 ఈఎంఐ వడ్డీ 6,921, దాని మీద బ్యాంకు వేసిన జీఎస్టీ 1,246.

వడ్డీ కంపెనీ ఖర్చే కదా అని ఎవరైనా అంటారు. కంపెనీకి డబ్బు లేకే ఈఎంఐ పెట్టాడు, న్యాయంగా చూస్తే నిజమే. కానీ ఈఎంఐ వడ్డీ కంపెనీ భరిస్తుందని ముందుగా ఏ తీర్మానమూ లేదు. అక్టోబరు తేదీ వేసి ఒకటి రాసేద్దామన్నాడు, కుదరదన్నాను. కంపెనీ డైరెక్టరుకు వడ్డీ ఇస్తున్నట్టు చూపిస్తే అది అప్పు మీద వడ్డీ అవుతుంది, టీడీఎస్ ప్రశ్న వస్తుంది. 1,246 జీఎస్టీ క్రెడిట్ ఎలాగూ రాదు, బ్యాంకు బిల్లు ఆయన సొంత పేరున ఉంది. ఎనిమిది వేల కోసం ఇన్ని దారాలు కలపడం ఎందుకని దాన్ని ఆయన సొంత ఖర్చు కింద వదిలేశాం.

నిజంగా భయపెట్టింది ఆ 85,460. కంపెనీ డబ్బు వాటాదారు అయిన డైరెక్టరు చేతికి ఊరికే వెళితే అది ఆయనకిచ్చిన అప్పు. కంపెనీల చట్టం సెక్షన్ 185 డైరెక్టరుకు అప్పు ఇవ్వడాన్ని మామూలుగా అడ్డుకుంటుంది. ఇన్‌కమ్ టాక్స్‌లో సెక్షన్ 2(22)(ఇ) కింద, కంపెనీ దగ్గర పోగైన లాభాల మేరకు, అది డివిడెండుగా లెక్కకొస్తుంది. తర్వాత తిరిగి కట్టేసినా ఆ ముద్ర పోదు, సుప్రీంకోర్టు 1977లో తరులతా శ్యామ్ కేసులోనే ఆ మాట తేల్చింది. కాబట్టి 'మార్చి లోపల వెనక్కి వేసేస్తే సరిపోతుంది' అనే సలహా ఎవరైనా ఇస్తే నమ్మకండి.

ఈ కేసులో ఆయన్ను కాపాడింది జీతం. ఓవర్‌డ్రాఫ్ట్ నిండిన ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆయన జీతం తీసుకోలేదు. కుర్రాడు ఏ నెలకు ఆ నెల జీతం ఎంట్రీ వేశాడు, 90,000 ఇవ్వాల్సిన ఖాతాలో నిలిచి ఉంది. నవంబరులో మొదటి కార్డు బిల్లు కట్టేనాటికే కంపెనీ ఆయనకు ప్రింటర్, లామినేటర్ డబ్బుతో పాటు ఆ 90,000 కూడా బాకీ. అంటే మొత్తం 4,10,540 రావాల్సిన మనిషికి 4,06,000 వెళ్ళింది. ఏ రోజు చూసినా కంపెనీయే ఆయనకు బాకీ ఉంది గానీ ఆయన కంపెనీకి బాకీ లేడు. కాబట్టి 85,460 జీతం బాకీ కింద సర్దాం, ఇంకా 4,540 ఆయనకు రావాలి. ఆ జీతం ఎంట్రీలు నెలనెలా నిజంగా పడి ఉండకపోతే ఈ దారి ఉండేది కాదు. ఇప్పుడు కూర్చుని పాత జీతం సృష్టించడం వేరు, ఉన్నదాన్ని సర్దడం వేరు.

ఆయనే ఇంకో మాట అడిగాడు. "ఇదంతా డైరెక్టరు అప్పు అని ఒక్క ఖాతాలో పడేస్తే తేలిక కదా?" చాలా ఆఫీసుల్లో అదే చేస్తారు, తేలికే. కానీ డైరెక్టరు దగ్గర కంపెనీ తీసుకున్న అప్పు కంపెనీల చట్టం కింద డిపాజిట్ కాకుండా ఉండాలంటే, ఆ డబ్బు తాను వేరేచోట అప్పు చేసి తేలేదని ఆయన రాసివ్వాలి. ఈఎంఐ పెట్టిన క్రెడిట్ కార్డు డబ్బు అచ్చంగా అప్పు తెచ్చిన డబ్బే, ఆ కాగితం మీద నిజాయితీగా సంతకం పెట్టలేడు. ఫలానా బిల్లుకు కట్టింది తిరిగివ్వడం ఒకటి, కంపెనీ నడపడానికి అప్పివ్వడం ఇంకొకటి. ఖాతా పేరులోనే ఆ తేడా ఉండాలి, నెలల తరబడి నిలవ ఉండకూడదు. తిరిగిచ్చేది బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. గల్లాపెట్టెలోంచి తీసుకుంటే, అధికారి దాన్ని అప్పుగా చదివిన రోజున 20,000కు చేరిన నగదు తిరిగి చెల్లింపు సెక్షన్ 269టీకి తగులుతుంది, పెనాల్టీ కట్టిన మొత్తానికి సమానం.

సొంత ప్రొప్రైటర్‌షిప్ అయితే ఇందులో సగం బాధ లేదు. మనిషి, వ్యాపారం చట్టానికి ఒక్కటే. కార్డుతో కొంటే పెట్టుబడి పెట్టినట్టు, డబ్బు తీసుకుంటే సొంతానికి వాడుకున్నట్టు. జీఎస్టీ నంబరుతో బిల్లు మాత్రం అక్కడా తప్పదు.

అన్నీ ఎక్కించాక ప్రింటింగ్ ఖర్చుల్లోంచి 4,06,000 బయటికొచ్చింది, దాదాపు ఆ మేరకు లాభం పెరిగింది, పన్నూ పెరిగింది. డైరెక్టరు మొహం కొంచెం మాడింది గానీ కాదనలేదు. ఏఐఎస్‌లో కార్డు సమాచారం సరైనదేనని ఒప్పుకున్నాం, అది నిజమే కాబట్టి. దాని వెనక కంపెనీ కోసం కొన్నది ఎంత, ఇంటి ఖర్చు ఎంత అన్న పట్టిక, రీయింబర్స్‌మెంట్ ఖాతా, బిల్లులు, స్టేట్‌మెంట్లు ఒక ఫైల్లో పెట్టి ఆయనకే ఇచ్చాను. అడిగితే చూపించడానికి. ఇక్కడ చెప్పిన ఇన్‌కమ్ టాక్స్ సెక్షన్లన్నీ 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఆ తర్వాతి లావాదేవీలకు నంబర్లు వేరు.

ఇప్పుడు ఆయన ఒక కార్డును కంపెనీ కొనుగోళ్ళకే పెట్టుకున్నాడు, కిరాణా వేరే కార్డు మీద. కొన్న వారంలోనే బిల్లు, కార్డు స్లిప్పు, ఒక పేజీ క్లెయిమ్ కాగితం కుర్రాడికి ఇస్తాడు. దాని మీద భార్య సంతకం ఉంటుంది. కార్డు మీద పడిన అంకె ఎంతో అంతే, పైసలతో సహా, కంపెనీ నుంచి ఆయన సేవింగ్స్ ఖాతాకు ఒకే ట్రాన్స్‌ఫర్‌గా వెళుతుంది, వివరంలో బిల్లు నంబరు వేస్తారు. కార్డు బిల్లు ఆయనే తన ఖాతా నుంచి కట్టుకుంటాడు, కంపెనీ ఖాతా నుంచి కార్డుకు నేరుగా వెళ్ళేది లేదు. ఆమధ్య విజయనగరంలో కొన్న ఇంకు బిల్లుకు కంపెనీ నంబరు ఉంది గానీ పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగా పడింది. కుర్రాడు క్లెయిమ్ కాగితం దగ్గరే ఆపి షాపుకు వెనక్కి పంపాడు. ఆ నెల రిటర్ను ఇంకా వేయలేదు కాబట్టి వాళ్ళు ఐజీఎస్టీతో మార్చి ఇచ్చారు.